సౌదీలో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రోలౌట్: అక్కడి పన్ను రూల్స్‌తో వెండర్ ఇచ్చే లోకలైజేషన్ ప్యాకా, సొంత కోడా?

సౌదీలో 2020 జులై 1న వ్యాట్ 5 నుంచి 15 శాతానికి పెరిగింది. సొంతంగా రాసుకున్న చోట చాలామంది పాత ట్యాక్స్ కోడ్‌లోనే శాతం మార్చేస్తారు, దాంతో జూన్ ఇన్‌వాయిస్‌కి జులైలో ఇచ్చే క్రెడిట్ నోట్ 5కి బదులు 15తో పడి రిటర్న్ తేడా వస్తుంది. తేదీలవారీగా రేట్లు పెట్టుకునే ప్యాక్‌లో ఈ టెన్షన్ ఉండదు.

ఈ-ఇన్‌వాయిస్ రెండో దశ 2023 జనవరి నుంచి విడతలుగా మొదలైంది. కంపెనీల మధ్య బిల్లు ముందుగా సౌదీ పన్నుల సంస్థ ZATCA ఆమోదం పొందాకే కొనుగోలుదారుకి వెళ్లాలి, రిటైల్ బిల్లు 24 గంటల్లోపు పంపితే చాలు. రూల్స్ మారినప్పుడల్లా బిల్లు పంపే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని సొంతంగా సరిచేసుకుంటూ కూర్చోవడం దండగ, ప్యాకే తీసుకోండి.

అరబిక్ ప్రింట్ లేఅవుట్ మాత్రం సొంతంగా చేసుకోవడమే మేలు, కస్టమర్ అడిగినట్టు కుదురుతుంది.

టైమ్ జోన్ రెండిట్లోనూ మీరే చూసుకోవాలి. సర్వర్ భారత సమయంలో ఉంటే, రియాద్‌లో మార్చి 31 రాత్రి 11కి కొట్టిన బిల్లు ఏప్రిల్ 1, ఒంటిగంటన్నరగా నమోదై తర్వాతి రిటర్న్‌లోకి పోతుంది. తేదీని కంపెనీ టైమ్ జోన్ నుంచే తీసుకోండి.