మడతల్లో ఒరుపుకి పాత పంచె గుడ్డ, క్లోట్రిమజోల్ క్రీమ్, పౌడర్: చాలాకాలం వాడాక

ఈ మూడింటిలో ఎక్కువ పని చేసేది పాత పంచె గుడ్డ. దాని తర్వాత క్రీమ్. పౌడర్‌ది ఆఖరి స్థానం, అదీ చర్మం మానాకే. మందుల షాపుకి వెళ్లేవాళ్లు చాలావరకు దీన్ని తలకిందులు చేస్తారు. ముందు పౌడర్ దట్టంగా చల్లుతారు, తగ్గకపోతే క్రీమ్ కొంటారు, గుడ్డ సంగతి ఎవరూ చెప్పరు.

రొమ్ముల కింద, జారిన పొట్ట కింద, గజ్జల్లో చర్మానికి చర్మం ఆనుకుని ఉంటుంది కాబట్టి అక్కడి చెమట ఆరదు. నానిన పైపొర మెత్తబడి, కదిలినప్పుడల్లా రాసుకుని ఊడిపోతుంది. మొదట ఉండేది ఇంతే. ఈ దశలో ఆరబెట్టడం ఒక్కటే మందు. ఆ చెమ్మ అలాగే ఉంటే, మన ఒంటి మీద మామూలుగా ఉండే కాండిడా అనే ఈస్ట్ అక్కడ పెరుగుతుంది. అది చేరిందని చెప్పే గుర్తు మచ్చ అంచు దగ్గర కనిపిస్తుంది. అసలు మచ్చకి కాస్త ఎడంగా విడివిడిగా చిన్న గింజలు, ఒక్కోసారి చీము తల ఉన్నవి, చెదురుమదురుగా లేస్తాయి. మడత లోతులో సన్నని పగులు, తెల్లటి మెత్తని పొర కూడా ఉండొచ్చు. తామర అయితే అంచు ఉబ్బి ఉంగరంలా బయటికి పాకుతుంది, మధ్యభాగం కాస్త తేరుకుంటుంది. నల్లటి ఒంటి మీద ఎరుపు అంతగా తెలియదు, ముదురు గోధుమ లేదా ఊదా రంగులో కనిపిస్తుంది. అందుకని రంగుని కాదు, అంచుని చూడాలి.

గుడ్డ వాడే పద్ధతిలోనే అంతా ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె ముక్క గానీ, పాత నూలు చీర ముక్క గానీ ఒకే పొరగా, మడత పొడవుకి సరిపడా చింపాలి. దాన్ని మడత అడుగు దాకా పరచాలి. ఒక అంచు రెండంగుళాలు బయటికి ఉండాలి. లోపలి చెమ్మ ఆ అంచుకి పాకి గాలికి ఆరుతుంది. గుడ్డ మొత్తం లోపలికి దూర్చేస్తే చెమటంతా అక్కడే నిలిచి, తడి పట్టీలా ఒంటికి అంటుకుంటుంది. మందంగా మడిచి పెడితే కొత్త ఒరిపిడి మొదలవుతుంది. చేతికి చెమ్మగా తగిలిన వెంటనే మార్చాలి. విజయవాడ ఎండల్లోనో, కోస్తా ఉక్కలోనో మూడు నాలుగు గంటలకోసారి మార్చక తప్పదు, అందుకని రోజుకి ఆరు ముక్కలైనా చేతిలో ఉండాలి. టిష్యూ కాగితం దీనికి పనికిరాదు, నాని చిరిగి మడతలో ఉండలు కడుతుంది.

స్నానం తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి, అడుగు దూరం నుంచి నిమిషం సేపు ఆరబెట్టాలి. వేడిగాలి వద్దు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవాళ్లకి కాలినా తెలియదు.

ఇక క్లోట్రిమజోల్ ఒక శాతం క్రీమ్. దీని గొప్ప ఏమిటంటే కాండిడా మీద, తామర మీద రెండిటి మీదా పనిచేస్తుంది, కాబట్టి గుర్తుపట్టడంలో కాస్త తేడా వచ్చినా నష్టం లేదు. అదే టెర్బినాఫిన్ అనే ఇంకో ఫంగస్ మందు తామరకి బాగానే ఉంటుంది గానీ కాండిడా మీద దాని పట్టు తక్కువ. చర్మం పూర్తిగా ఆరాక, రోజుకి రెండుసార్లు, మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల దాకా పల్చగా రాయాలి. తెల్లగా కనిపిస్తోందంటే ఎక్కువైనట్టే, ఆ మిగులు కూడా మడతని తడిపేదే. ఇంకిపోయాకే గుడ్డ పెట్టాలి. క్రీమ్ కొనేటప్పుడు ఆయింట్‌మెంట్ ఇస్తే తిప్పి ఇచ్చేయండి, ఆ జిడ్డు చెమ్మని బయటికి పోనివ్వదు.

ఒక లెక్క చూద్దాం. యాభై దాటి, షుగర్ ఉన్న మనిషికి పొట్ట మడత కింద మంట, చుట్టూ గింజలు. మడత పైచర్మం, కిందచర్మం కలిపి రెండు అరచేతులంత మేర. అంతమేరకి ఒక్కసారికి అర గ్రాము చాలు, అంటే వేలి చివరి కణుపు మీద ట్యూబ్ నుంచి తీసిన ఒక గీత. రోజుకి ఒక గ్రాము, 15 గ్రాముల ట్యూబ్ రెండు వారాలు. అదే ట్యూబ్ నాలుగైదు రోజుల్లో అయిపోతోందంటే మెత్తుతున్నారన్నమాట. మంట మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి, ఆ తర్వాత చుట్టూ ఉన్న గింజలు ఎండిపోవాలి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు, పదిరోజుల్లో మళ్లీ మొదలవుతుంది. చర్మం మామూలుగా అయ్యాక కూడా ఇంకో వారం రాయాలి, కాబట్టి రెండో ట్యూబ్ ముందే తెచ్చి పెట్టుకోవడం మేలు. ఆ తర్వాత మిగిలే గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉంటుంది. అది ఫంగస్ కాదు, దాని కోసం క్రీమ్ కొనసాగించనక్కర్లేదు.

ఇక ఎవరికీ సిఫారసు చేయనిది షాపులో చెయ్యి చూపగానే ఇచ్చే కలగలుపు ట్యూబ్. పెట్టె మీద క్లోట్రిమజోల్ పక్కన క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. దురద ఒక్కరోజులో ఆగుతుంది, అందుకే అంత పేరు. ఎరుపు అణిగి, అడుగున ఫంగస్ పాకుతూనే ఉంటుంది, ఆపగానే మరింత మేర లేస్తుంది. పైగా మడతల్లో మందు ఎక్కువగా ఇంకుతుంది కాబట్టి చర్మం పల్చబడి గజ్జల్లో చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు. చర్మానికి రాసే స్టెరాయిడ్లని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నియమం తెచ్చింది. కౌంటర్ దగ్గర అది ఏపాటి అమలవుతోందో అందరికీ తెలిసిందే.

క్లోట్రిమజోల్ పౌడర్ మానిన చర్మానికి మంచిదే. బూట్ల లోపల, లోదుస్తుల్లో చల్లుకోవడానికి ఇంకా మంచిది. రసి కారే చోట మాత్రం చెమటతో కలిసి ఉండకట్టి, ఇసుకలా ఒరుస్తుంది. చల్లితే చేతికి పట్టీపట్టనంత చల్లాలి. మానిన చోట రోజూ రాపిడి తప్పనివాళ్లకి జింక్ ఆక్సైడ్ పూత పౌడర్ కంటే మేలు, అయితే దాన్ని రోజూ గీకి తీయకూడదు. కొబ్బరినూనె అద్దిన దూదితో తుడిచి, ఆ జిడ్డు కూడా పోయేలా కడిగి ఆరబెట్టాలి. డెట్టాల్, నిమ్మరసం, ఉప్పునీళ్లు ఊడిన చర్మం మీద కొత్త పుండు చేస్తాయి.

ఇవన్నీ సరిగ్గా చేసినా రెండు వారాల్లో మార్పు లేకపోతే అది కాండిడా కాకపోవచ్చు. మెరుస్తూ, నున్నగా, గీత గీసినట్టున్న అంచుతో, గింజలు లేకుండా ఉంటే మడతల్లో వచ్చే సోరియాసిస్ కావచ్చు. దురద అంతగా లేని గోధుమరంగు మచ్చ బ్యాక్టీరియాది కావచ్చు. డాక్టరు వుడ్ దీపం అనే అతినీలలోహిత కాంతి దీపం కింద చూస్తే అది పగడపు ఎరుపులో వెలుగుతుంది. జ్వరం, దుర్వాసన, వేడిగా వాచి వేగంగా పాకే ఎరుపు ఉంటే రెండు వారాలు ఆగకుండా అదేరోజు చూపించుకోవాలి.

మాటిమాటికీ తిరగబెడుతుంటే షుగర్ పరీక్ష చేయించాలి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకి గుర్తుచేయాలి. ఆ మాత్రలు చక్కెరని మూత్రంలోకి పంపుతాయి, దానితో జననాంగాల దగ్గర ఈస్ట్ పెరగడం తేలికవుతుంది. మాత్ర సొంతంగా ఆపేయకూడదు. మూత్రం పోసిన ప్రతిసారీ కడిగి, అద్ది, గజ్జల్లో గుడ్డ మార్చుకోవాలి.