క్లయింటు పార్టీ పని చూసే మనిషి మానేస్తున్నప్పుడు ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి? ఏది మేలు?

శ్రీకాకుళంలో ఒక ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు ఉందనుకుందాం. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఒక పార్టీ జీఎస్‌టీ పనంతా అక్కడ ఏళ్ల తరబడి ఒకే అసిస్టెంటు చూస్తున్నాడు. బిల్లుల ఫొటోలు అతని సొంత వాట్సాప్‌కే వస్తాయి. ఓటీపీ కూడా అతని ఫోన్‌కే. అతను జనవరి 31తో మానేస్తున్నాడు, ఆ పని అందుకోబోయే అమ్మాయి ఆఫీసులోనే ఉంది. ఈ కబురు పార్టీకి చేర్చడానికి మూడు దారులున్నాయి: చివరి రోజున వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టడం, రాజీనామా అందిన రోజే చెప్పేయడం, లేదా కొత్త మనిషీ తేదీలూ ఖాయం చేసుకుని చెప్పడం.

చివరి రోజు మెసేజ్‌ను చాలా ఆఫీసులు ఎంచుకుంటాయి, ముందే చెబితే పార్టీ చేజారిపోతుందేమోనన్న భయంతో. కానీ కబురు ఆగదు. మానేస్తున్నతను ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ ఎవరితోనో అంటాడు, అది పలాస చేరడానికి రెండు రోజులు చాలు. పార్టీకి బయట తెలిశాక మనం పెట్టే మెసేజ్ దాచిపెట్టినట్టే కనిపిస్తుంది. పైగా ఆ నెల బిల్లులు అప్పటికే పాత ఫోన్‌లో ఉంటాయి.

రాజీనామా అందిన రోజే చెప్పడం నిజాయితీగా ఉంటుంది గానీ, ఫోన్ ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న, ‘మరి మా పని ఎవరు చూస్తారు బాబూ?’ దానికి ‘చూస్తున్నామండీ’ అని తప్ప జవాబు లేకపోతే, ఆయన ఆ సాయంత్రమే వేరే ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. కొత్త మనిషి ఎవరో తేలడానికి నెల పట్టేలా ఉంటేనే ఈ దారి మేలు. అప్పుడు కూడా ‘ఫలానా తేదీలోగా పేరు చెబుతాం, అప్పటిదాకా నేనే చూస్తాను’ అని యజమాని స్వయంగా మాట ఇవ్వాలి.

మూడోది, అంటే మనిషి పేరు, తేదీలు ఖాయం చేసుకుని నెల ముందు చెప్పడం, మన ఉదాహరణకు సరిపోతుంది. అయితే ఆ తేదీలు రిటర్నుల క్యాలెండరును బట్టి పెట్టాలి. నెలనెలా వేసే పార్టీకి అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 గడువు 11, పన్ను కట్టే 3బి గడువు 20. (మూడు నెలలకోసారి వేసేవారికి మన రాష్ట్రంలో 13, 22.) 1 నుంచి 20 దాకా ఎవరికీ మాట వినే తీరిక ఉండదు. అందుకే డిసెంబరు 20న 3బి వేసేశాక, 22 నుంచి 24 లోపు చెప్పడం మంచిది. వార్షిక రిటర్ను వేయాల్సిన పార్టీ అయితే డిసెంబరు 31 గడువు కూడా ఉంది. ఏ బిల్లు ఎందుకు సర్దాడో పాతతనికే తెలుసు కాబట్టి ఆ పని అతనే ముగించాలి.

తర్వాత జనవరి. డిసెంబరు అమ్మకాల జీఎస్‌టీఆర్-1 పాతతను వేస్తాడు, అమ్మాయి పక్కన కూర్చుని చూస్తుంది. 3బి అమ్మాయి వేస్తుంది, అతను పక్కన ఉంటాడు. 21 నుంచి పార్టీతో మాట్లాడేది ఆమే, మిగిలిన పదకొండు రోజులు అతను ఆమె అడిగినవాటికే జవాబు చెబుతాడు. ఇక్కడ తప్పేది ఒక్కచోట: భోగి నుంచి కనుమ దాకా మన జిల్లాల్లో ఆఫీసు తెరిచినా మనుషులుండరు. 11కీ 20కీ మధ్య తొమ్మిది రోజులున్నాయని లెక్కేస్తే చేతికి దక్కేవి నాలుగో ఐదో. కాబట్టి 3బి లెక్క పండక్కి ముందే చిత్తుగా వేసి పెట్టుకోవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టని పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. కొత్త మనిషి మొదటి రిటర్నుకే అది పడితే పార్టీ ఇక ఆమెను నమ్మదు.

ఎవరు చెప్పాలన్నది ఇంకో తూకం. మానేస్తున్నతను ఒక్కడే ఫోన్ చేస్తే మాట చల్లగా సాగుతుంది, పార్టీకి అతనంటే గురి. కానీ ఎందుకు మానేస్తున్నాడు, ఎక్కడికి వెళ్తున్నాడు అన్న ప్రశ్నలు వస్తాయి. అతను సొంతంగా పెట్టుకుంటుంటే సంభాషణ అటే పోతుంది. యజమాని ఉత్తరం ఒక్కటే వెళ్తే విషయం స్పష్టంగా ఉంటుంది గానీ, ‘ఇన్నేళ్లు చేసినోడు ఒక్క ముక్క చెప్పలేదేటి?’ అని పెద్దాయన నొచ్చుకుంటాడు. నా ఓటు రెండూ కలిపినదానికే: యజమాని ఫోన్ చేసి రెండు మాటల్లో చెప్పి, అదే కాల్‌లో పాతతనికి ఇవ్వాలి. అతను అమ్మాయిని పరిచయం చేయాలి. గంటలోపు రాతపూర్వకంగా పంపాలి. పెద్ద పార్టీ అయితే ముగ్గురూ పలాస వెళ్లి రావడమే మేలు.

రాసేది ఇంతకు మించక్కర్లేదు:

‘నమస్కారమండీ. మీ పని చూస్తున్న (పాత పేరు) గారు జనవరి 31 వరకు మా ఆఫీసులో ఉంటారు. జనవరి 21 నుంచి మీ పని (కొత్త పేరు) గారు చూస్తారు. జనవరి 11 రిటర్ను పాతాయనే వేస్తారు. 20వ తేదీది కొత్తావిడ వేస్తారు, ఆయన పక్కనే ఉంటారు. ఇకనుంచి బిల్లులన్నీ ఆఫీసు వాట్సాప్ నంబరుకే పంపండి. ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా నాకు ఫోన్ చేయండి. (యజమాని పేరు, నంబరు)’

మానేయడానికి కారణం రాయకూడదు. రాస్తే దాని మీదే మాటలు పెరుగుతాయి.

ఈ ఉత్తరంలో రాయని పని ఒకటుంది, అది పాతతను ఆఫీసులో ఉండగానే చేయాలి. పార్టీ రిజిస్ట్రేషన్‌లో అతని ఫోన్ నంబరే ఉంటే జనవరి 31 తర్వాత ఓటీపీ కోసం ప్రతిసారీ అతన్ని బతిమాలుకోవాలి. పార్టీ లాగిన్‌లో ఈ దారిన వెళ్లాలి:

```
Services > Registration > Amendment of Registration Non-Core Fields
```

అక్కడ సంతకం చేసే అధీకృత వ్యక్తి వివరాల్లో మొబైలు, ఈమెయిలు మార్చి పార్టీ యజమాని సొంత నంబరే పెట్టాలి. అమ్మాయి నంబరు పెడితే రేపు ఆమె మానేసినప్పుడు ఇదే కథ. ఈ మార్పుకు అధికారి ఆమోదం కోసం ఆగక్కర్లేదు. కొత్త నంబరుకు ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ సమయంలో పార్టీ యజమాని ఫోన్ దగ్గర ఉండాలి. పలాస వెళ్లిన రోజే ఇది ముగించుకుంటే రెండో ప్రయాణం తప్పుతుంది.

ఎంత చెప్పినా కొన్ని బిల్లులు అలవాటుగా పాత నంబరుకే పోతాయి. జనవరి అమ్మకాల రిటర్ను అమ్మాయి ఒక్కతే వేసే మొదటిది, కాబట్టి పరీక్ష ఫిబ్రవరి 5 ప్రాంతంలో. వచ్చిన బిల్లుల వరస నంబర్లు చూడాలి. 212 నుంచి 240 దాకా వచ్చి మధ్యలో 226 నుంచి 231 లేకపోతే ఆ ఆరూ రద్దయినవో, పాత ఫోన్‌లో ఉన్నవో పార్టీని అడగాలి. అడగకుండా 11న రిటర్ను వేసేస్తే, 14న కొనుగోలుదారుకు తయారయ్యే 2బి క్రెడిట్ జాబితాలో ఆ బిల్లులు కనబడవు. ఆయన ఆ మేరకు డబ్బు ఆపేస్తాడు, పలాస నుంచి ఫోన్ అప్పుడొస్తుంది. వెళ్లిపోయేటప్పుడు పాతతన్ని ఒక్కటి అడిగి ఉంచండి: ఫిబ్రవరి 11 దాకా ఆ పార్టీ నుంచి ఏ ఫొటో వచ్చినా చూసి వదిలేయకుండా ఆఫీసు నంబరుకు పంపమని.