భర్త కుజ్నెత్సోవ్, భార్య కుజ్నెత్సోవా: రికార్డుల్లో ఏ రూపం రాయడం మేలు?

నేను రష్యన్ పత్రాలు అనువదిస్తుంటాను. ఒకసారి ఒక జంట పెళ్లి సర్టిఫికెట్ అనువదించి ఇస్తే, దాన్ని తీసుకున్న ఆఫీసులో వెనక్కి పంపారు. కారణం, భర్త ఇంటిపేరుకూ భార్య ఇంటిపేరుకూ చివర ఒక అక్షరం తేడా ఉంది. "భార్య పేరు తప్పు పడింది, సరిచేసి తీసుకురండి" అని రాశారు. అందులో తప్పేమీ లేదు. రష్యన్ చట్టం ప్రకారం వాళ్లిద్దరిదీ ఒకే ఇంటిపేరు. అయినా ఆ జంటకు మూడు వారాలు టెన్షన్ తప్పలేదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? రష్యన్, పోలిష్, చెక్ లాంటి స్లావిక్ భాషల్లో చాలా ఇంటిపేర్లు నిజానికి విశేషణాలు. 'కుజ్నెత్స్' అంటే కమ్మరి. 'ఎవరి పిల్లాడు?' అని అడిగితే 'కమ్మరివాళ్ల పిల్లాడు' అనే జవాబే కుజ్నెత్సోవ్. అదే అమ్మాయి గురించి అడిగితే జవాబు కుజ్నెత్సోవా. రష్యన్‌లో విశేషణం లింగాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇంటిపేరూ మారింది. మనం 'ఆ ఊరివాడు', 'ఆ ఊరామె' అన్నప్పుడు ఊరు మారదు కదా, అలాంటిదే ఇది. '-స్కీ'తో ముగిసే పేర్లదీ ఇదే దారి. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ, ఆయన భార్య జెలెన్‌స్కా. పేపర్లో రెండూ చదువుతూనే ఉన్నాం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రష్యన్‌లో '-ఓవా' అంటే 'ఫలానా వారి భార్య' అని కాదు. కూతురు పుట్టిన రోజు నుంచే కుజ్నెత్సోవా, ఆమె అన్న కుజ్నెత్సోవ్. కాబట్టి ఇది పెళ్లికి సంబంధించిన గుర్తు కాదు, వ్యాకరణం. ఒకప్పుడు పోలిష్‌లో మాత్రం భార్యకు '-ఓవా', పెళ్లికాని కూతురికి '-ఉవ్నా' అని వేరువేరుగా ఉండేవి. ఇప్పుడవి దాదాపు పోయాయి.

అన్ని పేర్లూ మారవు కూడా. షెవ్‌చెంకో లాంటి '-ఎంకో' పేర్లు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే. సెర్బియాలో '-ఇచ్' పేర్లూ అంతే. వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణి చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్‌ను పెళ్లాడి దేవికారాణి రోరిక్ అయ్యారు. ఆమె అత్తగారు కూడా రష్యన్‌లో రోరికే. '-ఓవ్' లాంటి ప్రత్యయం లేకుండా హల్లుతో ముగిసే అలాంటి పేరు ఆడవాళ్లకు మారదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రికార్డులో ఏది రాయాలి? మూడు పద్ధతులు కనిపిస్తాయి.

మొదటిది, కుటుంబం మొత్తానికి ఒకే రూపం, సాధారణంగా భర్తది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, వెతకడమూ సులువే. వేరే దేశంలో స్థిరపడిన కుటుంబాలు చాలావరకు ఇలాగే అయ్యాయి. అమెరికా ఈతగత్తె కేటీ లెడెకీ ఇంటిపేరు చెక్ మూలానిదే, అయినా అది పుంలింగ రూపంలోనే నిలిచిపోయింది. చెక్ దేశపు క్రీడాకారిణి ఎస్టర్ పేరు మాత్రం లెడెత్స్‌కా. కుటుంబం తనంతట తానే అలా ఎంచుకుంటే అది వాళ్ల హక్కు. చెక్ దేశంలో 2022 నుంచి ఏ మహిళ అయినా కారణం చెప్పకుండానే '-ఓవా' లేని రూపం పెట్టుకోవచ్చు. కానీ ఫారం రాసుకునే గుమాస్తా ఆ నిర్ణయం తీసుకోకూడదు. పాస్‌పోర్టులో KUZNETSOVA ఉన్న మనిషికి టికెట్ మీద KUZNETSOV అని పడితే, కౌంటర్ దగ్గర ఇబ్బంది పడేది ఆమే.

రెండోది, ఎవరి పేరు వాళ్ల పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయడం. నా ఓటు దీనికే. దీనిలోని కష్టం, చూసేవాళ్లకు సంబంధం వెంటనే తెలియకపోవడం. తేడా ఎప్పుడూ ఒక్క 'A'తో పోదు కూడా. ఇప్పటి రష్యన్ పాస్‌పోర్టుల లిప్యంతరీకరణలో '-స్కీ' పేరు SKII అని, రష్యన్‌లో దాని స్త్రీ రూపమైన '-స్కాయా' పేరు SKAIA అని ముగుస్తాయి. పాత పాస్‌పోర్టుల్లో SKIY, SKAYA అని ఉండేవి. అందుకే సంబంధాన్ని పేరు అక్షరాలతో తేల్చకుండా, 'జీవిత భాగస్వామి' అనే వేరే గడిలో పెళ్లి సర్టిఫికెట్ ఆధారంగా రాయాలి. 'ఇంటిపేర్లు ఒకటేనా?' అని సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష పెట్టడం పొరపాటు. అది సరైన జంటను ఆపేస్తుంది, పెళ్లితో సంబంధం లేని ఇద్దరు షెవ్‌చెంకోలను వదిలేస్తుంది.

మూడోది, చివరి అక్షరాలు కోసేసి మూలరూపం ఒకటి తయారుచేసి దాన్నే పేరుగా దాచుకోవడం. ఇది ప్రమాదం. చివర 'A' కనిపించగానే స్త్రీ రూపమని కోసేస్తే, సంగీతకారుడు మిఖాయిల్ గ్లింకా పేరు 'గ్లింక్' అయిపోతుంది. ఆయన ఇంటిపేరే గ్లింకా, ఆడవాళ్లకూ అదే. వెతకడానికి కావాలంటే అలాంటి మూలరూపాన్ని పక్కన, ఎవరికీ కనబడని సూచికలో పెట్టుకోవచ్చు. కుజ్నెత్సోవ్ అని వెతికినవాళ్లకు కుజ్నెత్సోవా కూడా చూపించాలి. కానీ దాన్ని సర్టిఫికెట్ మీద ముద్రించకూడదు.

అనువాదకులు చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. రష్యన్‌లో పేరు విభక్తిని బట్టి కూడా మారుతుంది. ఒక ధ్రువపత్రం 'ఎలెనా కుజ్నెత్సోవాకు ఇవ్వడమైనది' అని చెప్పాలంటే అందులో 'కుజ్నెత్సోవోయ్ ఎలెనె' అని ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కించేస్తే ఆమెకు కుజ్నెత్సోవోయ్ అనే మూడో పేరు పుడుతుంది. అనువదించే ముందు పేరును ప్రథమా విభక్తికి తెచ్చుకుని, ఇంగ్లీషు స్పెల్లింగ్‌ను పాస్‌పోర్టుతో పోల్చుకోవాలి. నేను ఇప్పుడు చేసేదల్లా ఇంకొక్క వాక్యం కలపడం: "భార్యాభర్తల ఇంటిపేరు ఒకటే; రష్యన్ వ్యాకరణం ప్రకారం స్త్రీ రూపం KUZNETSOVA, పురుష రూపం KUZNETSOV." అది పెట్టాక పత్రాలు వెనక్కి రావడం చాలా తగ్గింది.

రెండు దేశాల పత్రాలు కలిసేచోట చిక్కు ఎక్కువ. బయటి దేశంలో పుట్టిన పాపకు అక్కడి సర్టిఫికెట్‌లో తండ్రి రూపమే పడితే, రష్యన్ పాస్‌పోర్టులో స్త్రీ రూపం వస్తే, ఒకే పాపకు రెండు ఇంటిపేర్లు అవుతాయి. జర్మనీలో 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన పేర్ల చట్టం దంపతులకు లింగాన్ని బట్టి మారే రూపం ఎంచుకునే వీలిచ్చింది. జర్మనీలోనే ఉండే స్లావిక్ మైనారిటీ అయిన సోర్బులకూ అది వర్తిస్తుంది. ఇలాంటి వీలు లేని చోట తల్లిదండ్రులు జనన నమోదు రోజే అడగాలి: ఈ ఆఫీసు పాప పేరును స్త్రీ రూపంలో రాస్తుందా, రాయదా? రాయదంటే, రెండు రూపాలూ ఒకే మనిషివని చెప్పే ధ్రువీకరణ పత్రం ముందే తీసుకుని పాస్‌పోర్టుల వెంట పెట్టుకోవాలి. టికెట్ మాత్రం ఏ పాస్‌పోర్టుతో విమానం ఎక్కుతారో ఆ పాస్‌పోర్టులోని పేరుతోనే కొనాలి.