ఒక్క నవారు మంచానికి దుంగ మేలా, కోసిన సైజులు మేలా?

మంచానికి కలప రెండు రకాలుగా కొనొచ్చు. డిపోలో దుంగ కొని సామిల్లులో కోయించుకోవచ్చు, లేదంటే కోసి పెట్టిన సైజులే తెచ్చుకోవచ్చు. దుంగ సీఎఫ్‌టీ రేటు, అంటే ఘనపుటడుగు రేటు, తక్కువ కాబట్టి అదే లాభమని మా నర్సంపేట వైపు చాలామంది అనుకుంటారు. నేనైతే ఒక్క మంచానికి సైజులే మేలు అంటాను, ఎందుకో మా బాపు నా బిడ్డకు నేర్పిన లెక్కతోనే చెప్తా. బాపు ముసలి వడ్రంగి, బిడ్డ ఇంటర్ చదువుతోంది, వాళ్ళ చేతిలో ఉన్నది గజం పొడవున్న కొలబద్ద ఒక్కటే. టేపు లేదు, ఫోన్ లేదు.

మంచం ఆరున్నర అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. కోళ్ళు నాలుగు, ఒక్కోటి అడుగున్నర ఎత్తు, 3×3 అంగుళాల మందం. పట్టెలు పొడవువి రెండు, అడ్డంవి రెండు, అన్నీ 3×2½. నవారు బిగించాక అది పట్టెల్ని ఎప్పుడూ లోపలికి లాగుతూనే ఉంటుంది కాబట్టి ఇంతకంటే సన్నగా పెడితే పొడవు పట్టె మధ్యలో వంగుతుందని బాపు మొదటే చెప్పిండు.

బిడ్డ వెంటనే లెక్క కట్టింది. పొడవు పట్టెలు రెండూ 13 అడుగులు, అడ్డం పట్టెలు 7, మొత్తం 20 అడుగులు, కోళ్ళకు ఇంకో 6.

"కోళ్ళ మందం తీసెయ్యాలి కద తాతా, పట్టె కోడు దగ్గరే ఆగుతది కద?"

"ఆగదు బిడ్డా. పట్టె కొస కోడులకెల్లి అవతలికి రావాలె. పొడవు పట్టెకు ఒక బెజ్జం, అడ్డం పట్టెకు దాని కింద ఇంకో బెజ్జం. రెండూ ఒక్క తీరున పెడితే లోపల ఒకదానికొకటి తగుల్తయి, కోడు బోలైపోతది."

అంటే పట్టె నిండు పొడవు కావాలి, పైగా కొసలు చదును చేయడానికి చెరో అంగుళం ఎక్కువ. కోసిన కలప కొసల్లో సన్నని పగుళ్ళు ఉంటాయి, వాటిని తీసెయ్యాలి కాబట్టి ఆరున్నర అడుగుల పట్టెకు 7 అడుగుల ముక్క కొనాలి. కొలబద్దతో రెండు గజాలు, మీద ఒక అడుగు. అడ్డం పట్టెలు రెండూ ఒకే ఏడున్నర అడుగుల ముక్కలో వస్తాయి, కోళ్ళు నాలుగూ 3×3 ముక్క ఆరున్నర అడుగుల్లో వస్తాయి. సీఎఫ్‌టీ లెక్క తెలిసిందే, వెడల్పు అంగుళాలను మందం అంగుళాలతో, దాన్ని పొడవు అడుగులతో గుణించి 144తో భాగించడం. పట్టెలకు సుమారు 1.1, కోళ్ళకు 0.4, రెండూ కలిపి ఒకటిన్నర సీఎఫ్‌టీ. సైజులు కొంటే మనం డబ్బు కట్టేది దీనికే.

దుంగ దగ్గరికొచ్చేసరికి పద్ధతే మారిపోతుంది, నాకు ఎక్కువ నచ్చింది కూడా ఇక్కడే. మంచానికి కావాల్సినవి నాలుగు పొడవు ముక్కలు కదా, ఒకటి కోళ్ళది, మూడు పట్టెలవి. బాపు సుద్దముక్క ఇచ్చి ఆ నాలుగింటి కొసలను అసలు కొలతలతో నేల మీద గియ్యమన్నాడు, రెండు పక్కపక్కన, రెండు వాటి కింద. రంపం తినేదానికి మధ్యలో పావు అంగుళం వదిలితే ఆరుంపావు వెడల్పు, అయిదుంముప్పావు ఎత్తు వచ్చింది. ఆ బొమ్మలో మూల నుంచి మూలకు కొలబద్ద పెట్టి చూస్తే ఎనిమిదిన్నర అంగుళాలు. అంతే, దుంగ సన్న కొసలో చేవ, అంటే లోపలి ముదురు రంగు గట్టి చెక్క, అడ్డంగా కనీసం ఎనిమిదిన్నర ఉండాలి, అదీ కొలబద్ద రెండు మూడు దిక్కుల్లో పెట్టి చూసినా. దుంగ మధ్యలో ఎంత లావున్నా సన్న కొసలో తక్కువైతే మూలలు తెల్లగా వస్తాయి, ఆ తెల్ల చెక్కకు పురుగు తొందరగా పడుతుంది.

నాలుగు ముక్కలనూ అలా పేర్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెట్టు నట్టనడుమ భాగం ఏ ముక్కలో ఉంటే ఆ ముక్క ఎండేటప్పుడు పగులుతుంది. ఇలా కోస్తే ఆ నడుమ భాగం నాలుగు ముక్కల మూలలు కలిసే చోట పడి కోతలోనే పోతుంది. చుట్టుకొలత ఒక్కటే చూసి లెక్క కట్టేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

ఇక చేవ ఎనిమిదిన్నర, చుట్టూ తెల్ల చెక్క ఒక్కో వైపు అంగుళం చొప్పున రెండు, బెరడుతో కలిపితే అడ్డం కొలత సుమారు పదకొండున్నర. దాన్ని మూడింతలు చేసి, అడ్డం కొలతలో ఏడో వంతు కలిపితే చుట్టుకొలత 36 అంగుళాలు. దుంగ లెక్కకు చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి 144తో భాగిస్తారు. నాలుగో వంతు 9, తొమ్మిది తొమ్మిదులు 81, ఏడున్నర అడుగుల దుంగకు సుమారు 4.2 సీఎఫ్‌టీ. ఈ పద్ధతిలో దుంగ అసలు పరిమాణం కంటే అయిదో వంతు తక్కువే లెక్కకొస్తుంది, అంటే కొంత తరుగు ముందే వదిలేశారన్నమాట. అయినా ఒకటిన్నర సీఎఫ్‌టీ మంచానికి 4.2 కొంటున్నాం చూడండి.

కాబట్టి సైజుల రేటు దుంగ రేటుకు రెండుంముప్పావు రెట్లు దాటితేనే దుంగ గురించి ఆలోచించాలి, దాని మీద కోత కూలి, బండి కిరాయి వేరే. కొనేముందు రెండు రేట్లూ అడిగి ఈ ఒక్క భాగహారం చేసుకుంటే చాలు. రెండు మంచాలైనా ఈ నిష్పత్తి పెద్దగా మారదు, బిడ్డ అది కూడా గీసి చూసింది. మారేది పక్క ముక్కలకు పని ఉన్నప్పుడే. ఈ దుంగలో నాలుగు పక్కలా అర అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు చేవ పలకలు వస్తాయి, ఇంట్లో కిటికీ రెక్కలో పీటలో చేయించేది ఉంటే అప్పుడు దుంగ తప్పకుండా మేలు.

దుంగలో ఇంకో చిక్కు టైమ్. పచ్చి కలప రెండున్నర అంగుళాల మందం నీడన ఆరాలంటే నెలలు పడుతుంది. ఆరకముందే బెజ్జాలు కొట్టి బిగిస్తే పట్టె కొస ఎండి సన్నబడుతుంది, మంచం కిర్రుమంటుంది. పెళ్ళి దగ్గర పెట్టుకుని దుంగ కొనేవాళ్ళకు ఎదురయ్యే టెన్షన్ ఇదే.

సైజులు కూడా కళ్ళు మూసుకుని కొనేవి కావు. మూడు అంగుళాలన్న ముక్క ఒక కొసలో మూడు, ఇంకో కొసలో రెండుంముప్పావు ఉండొచ్చు, కొలబద్ద రెండు కొసల్లో, మధ్యలో పెట్టి తీరాలి. రందా పట్టాక మళ్ళీ పావు అంగుళం దాకా పోతుంది కాబట్టి బాపు తక్కువ కొలతే లెక్కలోకి తీసుకుంటాడు. ముక్కను కంటి ముందు పెట్టి పొడవునా చూస్తే వంకర తెలుస్తుంది, కోళ్ళ ముక్క కొంచెం వంకరున్నా నాలుగుగా కోస్తాం కాబట్టి పరవాలేదు, పొడవు పట్టెకు మాత్రం పనికిరాదు. ముడి పట్టె మధ్యలో ఉంటే వద్దు, అక్కడే విరుగుతుంది.

పాత పెంకుటిళ్ళు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు మూడో దారి. బాగా ఆరిన కలప, దొరికితే వదలొద్దు, కానీ మేకులు మొత్తం పీకితే తప్ప సామిల్లువాళ్ళు కొయ్యరు.

చివరికి మేం సైజులే తెచ్చాం. డిపోలో బిడ్డ తానే కొలిచి, ఒక మూల పొడవునా తెల్లగా ఉన్న 3×3 ముక్క ఒకటి పక్కన పెట్టించి వేరేది తీసుకుంది.