మంచానికి ఏ యాప్, ఫోనుకు ఏ యాప్?

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామానంతా ఒకే యాప్‌లో పెట్టేయడం మనవాళ్లకు అలవాటు. ఫొటోలు తీసి, ధర రాసి, మంచమూ ఫోనూ ఒకే చోట ప్రకటిస్తారు. నేను మాత్రం ఈ రెంటినీ వేరు చేయమంటాను. ఫోనును మనకు నచ్చిన చోటికి తీసుకెళ్లి అమ్మవచ్చు. మంచం కొనాలంటే ఆ మనిషి మన గుమ్మం దాకా రావలసిందే. కాబట్టి ఏ యాప్‌లో ఎక్కువ మంది ఉన్నారనే దానికన్నా, ఏ యాప్ ఎలాంటి మనిషిని మన దగ్గరికి పంపుతుందన్నది ముందు చూడాలి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. విజయవాడ మొగల్రాజపురంలో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. విశాఖకు బదిలీ అయింది. ఒక టేకు డబుల్ కాట్, రెండేళ్లు వాడిన ఒక మంచి ఫోను అమ్మాలి. చేతిలో పది రోజులే ఉన్నాయి.

ముందు మంచం సంగతి చూద్దాం. వీళ్లకు అందుబాటులో ఉన్నవి మూడు: అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఓఎల్ఎక్స్. నా ఓటు మొదట వాట్సాప్ గ్రూపుకే. కారణం రవాణా. పెద్ద సామాను ధరను సగం నిర్ణయించేది దూరమే. మంచాన్ని విప్పి మళ్లీ బిగించే వడ్రంగి, మూడంతస్తులు దింపే ఇద్దరు మనుషులు, ట్రాలీ ఆటో కిరాయి కలిపితే రెండు మూడు వేలు దాటవచ్చు. పన్నెండు వేలు చెప్పిన మంచానికి గుంటూరు నుంచి వచ్చే మనిషి ముప్పై కిలోమీటర్లకు పైగా ఉన్న దారి ఖర్చును మీ ధరలోంచే తగ్గిస్తాడు. పక్క బ్లాకులో ఉన్న కుటుంబం తగ్గించదు. పైగా వాళ్లు ఎవరో వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఈ గ్రూపుతో ఉన్న చిక్కు ఒక్కటే. చూసేవాళ్లు వంద మందే కాబట్టి, ఆ వారంలో మంచం అవసరమైన ఇల్లు వాళ్లలో లేకపోతే అమ్మకం లేదు. నాలుగు రోజులు చూసి మార్కెట్‌ప్లేస్‌కు వెళ్లడం మేలు.

మార్కెట్‌ప్లేస్‌లో ఉన్న గట్టి సౌకర్యం ఏమిటంటే, అడిగిన మనిషి ప్రొఫైలు కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో ఏ సంవత్సరం చేరారో, మీకు ఉమ్మడి స్నేహితులు ఎవరైనా ఉన్నారో చూసుకోవచ్చు. పోయిన నెలలో తెరిచిన ఖాతా, పూల బొమ్మ తప్ప మొహం లేని ఫొటో, వేరే రాష్ట్రం ఊరు కనిపిస్తే నేనైతే జవాబే ఇవ్వను. ఇక్కడ విసుగు పుట్టించేది ‘ఇది ఇంకా ఉందా?’ అనే సందేశం. ఒక్క నొక్కుతో వెళ్లిపోయే సందేశం కాబట్టి అడిగినవాళ్లలో చాలామంది మళ్లీ మాట్లాడరు. వాళ్లను వడకట్టడానికి ప్రకటనలోనే కొలతలు రాయండి. డబుల్ కాట్ అంటే కొందరికి అయిదడుగుల వెడల్పు, కొందరికి ఆరడుగులు. వాళ్లింట్లో ఉన్న పరుపు పట్టాలి కదా. పరుపు పట్టే లోపలి కొలత, తలవైపు పలక ఎత్తు, మంచం విప్పడానికి వస్తుందో రాదో, ఏ అంతస్తో, లిఫ్టు ఉందో లేదో రాస్తే నిజంగా కొనేవాళ్లే ఫోను చేస్తారు. ఒక గీత పడిన చోటు ఉంటే దాని ఫొటో కూడా పెట్టండి. గుమ్మంలో జరిగే బేరం సగం అక్కడే తీరిపోతుంది.

ఓఎల్ఎక్స్‌కు ఎక్కువ మంది వస్తారు, ధర కూడా కాస్త పైకి పలుకుతుంది. కానీ అక్కడ అవతలి మనిషి గురించి మీకు కనిపించేది తక్కువ. అందుకని పెట్టేటప్పుడు ఫోను నంబరు కనిపించకుండా ఉంచి, మాటలన్నీ యాప్ చాట్‌లోనే నడపండి. ‘వాట్సాప్‌కు రండి’ అని మొదటి నిమిషంలోనే తొందర పెట్టేవాళ్లు చాలావరకు కొనేవాళ్లు కారు.

ఆ తొందర వెనక ఏముంటుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సామాను అమ్మేవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ప్రకటన పెట్టిన కొద్ది నిమిషాలకే ఫోను వస్తుంది. అవతలి మనిషి తాను సైన్యంలోనో, విమానాశ్రయ భద్రతలోనో పని చేస్తున్నానంటాడు. ఐడీ కార్డు ఫొటో కూడా పంపుతాడు. ‘మేడమ్, మంచం చూడక్కర్లేదు, నాకు నచ్చింది, రేపు మా వాళ్లు బండి తెస్తారు, ముందు డబ్బు వేస్తాను’ అంటాడు. మన దగ్గర పాత మంచం చూడకుండా, ఒక్క రూపాయి బేరమాడకుండా కొనేవాళ్లు ఉంటారా? అనుమానించడానికి ఆ ఒక్క గుర్తు చాలు. తర్వాత ‘సరిచూడటానికి’ రూపాయో రెండో నిజంగానే పంపుతాడు, మీకు నమ్మకం కుదురుతుంది. ఆపైన ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేసి పిన్ కొడితే పన్నెండు వేలు మీకు జమ అవుతాయంటాడు. యూపీఐ పిన్ ఉన్నది డబ్బు పంపడానికి, బ్యాలెన్సు చూసుకోవడానికి మాత్రమే. డబ్బు తీసుకోవడానికి పిన్ అడిగే యాప్ ఏదీ లేదు, స్కాన్ చేయవలసిన పనీ లేదు. వ్యక్తుల మధ్య ‘డబ్బు అడిగే’ అభ్యర్థనలను 2025 అక్టోబరు నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించింది. ఆ దారి మూసుకుపోయినా క్యూఆర్ దారి తెరిచే ఉంది.

దీనికి తమ్ముడి లాంటి మోసం ఇంకొకటి ఉంది. పన్నెండు వేలకు బదులు ‘పొరపాటున’ లక్షా ఇరవై వేలు వేశానంటాడు. బ్యాంకు నుంచి వచ్చినట్టే ఒక ఎస్ఎంఎస్ కూడా వస్తుంది. మిగతాది తిరిగి పంపమని బతిమాలతాడు. ఆ ఎస్ఎంఎస్ ఎవరి నుంచి వచ్చిందో చూడండి. అది పదంకెల మామూలు ఫోను నంబరైతే బ్యాంకుది కాదు. ఎస్ఎంఎస్‌ను గానీ, అవతలివాళ్ల ఫోనులో కనిపించే ఆకుపచ్చ టిక్కును గానీ నమ్మవద్దు. అచ్చం చెల్లింపు అయినట్టు చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ యాప్‌లో, మీ చేత్తో, మీ ఖాతా బ్యాలెన్సు చూసుకున్నాకే మంచం కదలాలి.

ఇక మనిషి రావడం. పది గంటలకు వస్తున్నామన్నవాళ్లకు ముందు రోజే ఫ్లాటు నంబరు ఇవ్వకండి. వీధి పేరు, దగ్గరి గుర్తు చెప్పి, బయలుదేరాక మిగతాది చెప్పండి. బేరం కుదిరే అవకాశం ఉంటే ముందే మంచాన్ని విప్పించి కింద పార్కింగులో గోడకు ఆనించి పెట్టించడం అన్నిటికన్నా మంచిది. మూడో అంతస్తు ఎక్కే పని, పడకగదిలోకి ఎవరో వచ్చి బీరువా ఎక్కడుందో చూసే అవకాశం, రెండూ తప్పుతాయి. ఫొటోల వెనక కూడా బీరువా, టీవీ, కిటికీలోంచి ఎదుటి భవనం పేరు కనిపించకుండా చూసుకోండి.

ఫోను విషయంలో పోటీ ఓఎల్ఎక్స్‌కూ, క్యాషిఫై వంటి నేరుగా కొనే యాప్‌లకూ మధ్య. నేరుగా కొనేవాటిలో మోడల్, గీతలు, బ్యాటరీ గురించి ప్రశ్నలకు జవాబిస్తే ఒక ధర చూపిస్తారు, మనిషి ఇంటికొచ్చి పరీక్షించి డబ్బు వేసి తీసుకెళ్తాడు. మీ పిన్‌కోడ్‌లో ఆ సేవ ఉందో లేదో ముందు చూసుకోవాలి. మొదట చూపిన ధర ఎక్కువసార్లు గుమ్మంలో తగ్గుతుంది, అది మనసులో పెట్టుకొనే పిలవండి. ప్రశ్నలకు నిజం రాస్తే తగ్గేది తక్కువ. తెర పగిలిందీ, నాలుగైదేళ్ల నాటిదీ అయితే కళ్లు మూసుకొని ఈ దారే మేలంటాను. అలాంటి ఫోనుకు ఓఎల్ఎక్స్‌లో అదనంగా వచ్చే వెయ్యి కోసం పది మందితో మాట్లాడటం వృథా. మన కుటుంబం ఫోను అలాంటిది కాదు. బిల్లు, పెట్టె, చార్జరు ఉన్న రెండేళ్ల ఫోను. దీనికి ఓఎల్ఎక్స్‌లోనే మంచి ధర వస్తుంది, కొంచెం శ్రమ పడవచ్చు.

వెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పని ఉంది. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకున్నాక సెట్టింగుల్లోకి వెళ్లి గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా రీసెట్ కొడితే కొన్నవాళ్లను ఫోను మీ పాస్‌వర్డే అడగవచ్చు. రాత్రి పదింటికి మీకు ఫోను చేసి పాస్‌వర్డు చెప్పమంటారు. ఐఫోను అయితే ‘ఫైండ్ మై’ ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ కావాలి. సిమ్, మెమొరీ కార్డు తీయండి. ఈ-సిమ్ ఉంటే అదీ కొత్త ఫోనుకు మార్చుకోండి. తర్వాత `*#06#` నొక్కితే, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు వస్తుంది; అది పెట్టె మీది నంబరుతో సరిపోయిందో చూసి కాగితం మీద రాసుకోండి. `KYM` అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఫోను వివరాలు తిరిగి వస్తాయి. కొనేవాళ్ల ఎదుటే పంపి చూపిస్తే అది దొంగ ఫోనేమోనన్న సందేహం వాళ్లకు తీరుతుంది.

కలిసే చోటుగా చాలామంది షాపింగు మాల్ చెబుతారు. నేను నగదు జమ చేసే యంత్రం ఉన్న బ్యాంకు శాఖ చెబుతాను, అదీ పగలు పదకొండు, పన్నెండు మధ్య. బెంజి సర్కిల్ చుట్టుపక్కల గానీ, గుంటూరు అయితే బ్రాడీపేటలో గానీ అలాంటివి దొరుకుతాయి. లోపల కెమెరాలుంటాయి, కాపలా ఉంటుంది. నగదు ఇస్తే అక్కడే యంత్రంలో వేసి జమ అయిందని చూసుకోవచ్చు, నకిలీ నోటైతే అక్కడే తేలిపోతుంది. తోడుగా ఇంకొకరిని తీసుకెళ్లండి. రీసెట్ చేసిన ఫోనుకు వాళ్ల హాట్‌స్పాట్ ఇస్తే కొనేవాళ్లు కెమెరా, స్పీకరు, చార్జింగు అన్నీ పరీక్షించుకోవచ్చు. మీ ఖాతా ఉన్న ఫోనును పరీక్షకని ఎవరి చేతికీ ఇవ్వనవసరం లేదు. చూసి ‘వద్దులెండి’ అని తిరిగిచ్చినప్పుడు ఐఎంఈఐ చివరి నాలుగంకెలు సరిచూసుకోండి. అదే రంగు, అదే మోడల్ పాడైన ఫోను చేతిలో పెట్టి వెళ్లేవాళ్లున్నారు.

యూపీఐలో చెల్లిస్తే, పంపినవాళ్ల పేరు మీ ఎదురుగా ఉన్న మనిషిదే కావాలి. ‘మా అన్న వేస్తాడు’ అంటే ఒప్పుకోవద్దు. ఇంకెవరినో మోసగించి తెచ్చిన డబ్బు మీ ఖాతాలో పడితే, బాధితులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేసిన తర్వాత ఆ మొత్తాన్ని బ్యాంకు నిలిపివేయవచ్చు. అప్పుడు ఫోనూ పోతుంది, డబ్బూ చిక్కుకుంటుంది. అందుకే తెల్ల కాగితం మీద ఐఎంఈఐ, తేదీ, సమయం, ధర, కొన్నవాళ్ల పేరు రాసి ఇద్దరూ సంతకాలు చేసి, ఫొటో తీసుకోండి. వాళ్ల గుర్తింపు కార్డు చూపించమని అడగండి, కార్డు మీది పేరు, యూపీఐలో కనిపించిన పేరు ఒకటేనా చూడండి. నిజంగా వాడుకోవడానికి కొనేవాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు, వాళ్లకూ ఆ కాగితం కావాలి. రేపు ఆ ఫోను ఏ కేసులో దొరికినా, బిల్లు మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి పోలీసులు ముందు మీ తలుపే కొడతారు. ఆ రోజు చూపించడానికి మీ దగ్గర ఉండేది ఈ ఒక్క కాగితమే.