బీపీ గోలీ ఎక్కడ కొంటే మేలు: బ్రాండా, డిస్కౌంటు జెనరికా, జన ఔషధా?

మా మేనమామకు డాక్టరు రాసిన బీపీ గోలీ టెల్మా-ఏఎమ్. రోజుకొకటి, బతికినన్నాళ్లూ. నల్లగొండలో ఇదే మందు మూడు చోట్ల మూడు ధరలకు దొరుకుతుంది. ఆ బ్రాండునే పది శాతం తగ్గించి ఇచ్చే పెద్ద మెడికల్ షాపు ఒకటి, "జెనరిక్ మందులు, 70% వరకు డిస్కౌంట్" అని బోర్డు పెట్టిన షాపు రెండోది, జన ఔషధి కేంద్రం మూడోది. సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చే బీపీ గోలీలు సరిపోయేవాళ్లకు ఈ గొడవే లేదు. డాక్టరు రెండు మందులు కలిపిన గోలీ రాసినప్పుడే ఈ వెతుకులాట.

ముందు చూడాల్సింది ధర కాదు, సాల్ట్, అంటే గోలీలో పనిచేసే అసలు మందు. స్ట్రిప్పు వెనక బ్రాండు పేరు కాకుండా ఇంకో పేరు ఉంటుంది. 2018 నుంచి ఆ మందు పేరు బ్రాండు పేరు కంటే రెండు సైజులు పెద్దగా ఉండాలని రూలు. మా మామ స్ట్రిప్పు మీద టెల్మిసార్టాన్ 40 ఎంజీ అని, దాని కింద ఆమ్లోడిపిన్ బెసిలేట్, "ఈక్వివలెంట్ టు ఆమ్లోడిపిన్ 5 ఎంజీ" అని ఉంది. లెక్కలోకి వచ్చేది ఆ 'ఈక్వివలెంట్' తర్వాతి అంకె. జెనరిక్ స్ట్రిప్పు మీద కూడా సరిగ్గా ఇవే రెండు పేర్లు, ఇవే రెండు అంకెలు ఉండాలి. టెల్మా-హెచ్ అంటే మాత్రం వేరే మందు. అందులో ఆమ్లోడిపిన్ ఉండదు, దాని బదులు మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటుంది. పేరు చివరి ఒక్క అక్షరం చూడకుండా "టెల్మాకు జెనరిక్ ఇవ్వండి" అని అడిగేవాళ్లు చాలామంది.

ఇంతకంటే ప్రమాదమైన తికమక మెటోప్రోలాల్ అనే ఇంకో బీపీ మందుతో వస్తుంది. అందులో సక్సినేట్, టార్ట్రేట్ అని రెండు రకాలున్నాయి. సక్సినేట్ గోలీ రోజంతా మెల్లగా విడుదలయ్యేలా చేస్తారు కాబట్టి రోజుకొకటి చాలు. మామూలు టార్ట్రేట్ గోలీ తొందరగా పనిచేసి తొందరగా దిగిపోతుంది, సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. "మెటోప్రోలాల్ 50" ఒక్కటే చూసి మార్చేస్తే మధ్యాహ్నం దాకా బాగానే ఉండి, రాత్రికి గుండె దడ మొదలు కావచ్చు. పేరు పక్కన ఎస్.ఆర్., ఈ.ఆర్., ఎక్స్.ఎల్., పీ.ఆర్. లాంటి అక్షరాలుంటే జెనరిక్‌లోనూ అలా మెల్లగా విడుదలయ్యే రకమే కావాలి.

సాల్ట్ కుదిరాక ధర. ఇక్కడ స్ట్రిప్పు ధరలు పోల్చి మోసపోతాం, ఎందుకంటే కొన్నింట్లో 15 గోలీలు, కొన్నింట్లో 10. ఒక్క గోలీ ధర తీయాలి. లెక్క కోసం ఇలా అనుకుందాం. బ్రాండు 15 గోలీలు 210 రూపాయలు, పది శాతం తగ్గితే గోలీ 12.60, నెలకు 378. డిస్కౌంటు షాపులో 10 గోలీల స్ట్రిప్పు మీద ఎమ్మార్పీ 120, సగం తగ్గించి 60కి ఇస్తాడు, నెలకు 180. జన ఔషధిలో 10 గోలీలు 25 అయితే నెలకు 75. రెండోచోట "సగానికి సగం తగ్గింది" అని సంబరపడతాం కానీ ఆ 120 ముద్రించిందే తగ్గించి చూపడానికి. ఇలాంటి స్ట్రిప్పులు షాపువాడికి ఎమ్మార్పీలో చిన్న వంతుకే పడతాయి, మిగిలిన లాభంలో కొంత మనకు డిస్కౌంటుగా వస్తుంది. కాబట్టి బోర్డు మీది శాతం వదిలేసి బిల్లులో గోలీకి ఎంత పడిందో చూడండి. Janaushadhi Sugam యాప్‌లో సాల్ట్ పేరు కొడితే కేంద్రం ధర, దగ్గరి కేంద్రం ఎక్కడో చూపిస్తుంది. షాపుకు పోకముందే ఒక కొలత చేతిలో ఉంటుంది.

"తక్కువకొస్తే తక్కువ పనిచేస్తది బిడ్డా" అన్నాడు మా మామ. మన జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లో తయారయ్యే జెనరిక్‌లు విదేశాలకు పోతున్నాయని చెప్పినా ఆయనకు ఎక్కలేదు. అయితే అనుమానంలో కొంత న్యాయముంది. టెల్మిసార్టాన్ నీళ్లలో సులభంగా కరగదు. ఇలాంటి మందుల జెనరిక్‌కు లైసెన్స్ అడిగే కంపెనీ, అసలు మందులాగే ఇదీ రక్తంలోకి చేరుతుందని పరీక్షలో చూపించాలని 2017లో నిబంధన తెచ్చారు. జన ఔషధికి సరఫరా అయ్యే ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతామని ఆ పథకం నడిపే సంస్థ చెబుతుంది. డిస్కౌంటు షాపు స్ట్రిప్పు విషయంలో మనకు దొరికే ఆధారం దాని వెనక ఉన్న 'మాన్యుఫ్యాక్చర్డ్ బై' పేరే. 'మార్కెటెడ్ బై' అని పక్కన పెద్దగా ఉండేది అమ్మే కంపెనీ, తయారుచేసింది కాదు. మంచి పేరున్న తయారీదారు అయితే రెండో షాపూ పనికొస్తుంది.

టెల్మిసార్టాన్‌కు తేమ పడదు. అందుకే రెండు వైపులా రేకున్న స్ట్రిప్పులో వస్తుంది. ఐదు గోలీలు చాలంటే రేకు చింపి కాగితం పొట్లంలో వేసిచ్చే షాపులో ఈ మందు కొనొద్దు. అంచులు మెత్తబడ్డా, రంగు మారినా వేసుకోవద్దు. ముక్క కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న భాగమే అడగండి.

ఏ షాపైనా లైసెన్స్ కనబడేలా తగిలించాలి. మామూలు రిటైల్ షాపుకు ఫారం 20, ఫారం 21 అని రెండుంటాయి. ఇన్సులిన్, టీకాల్లాంటివి అమ్మాలంటే రెండోది తప్పనిసరి. 20బి, 21బి ఉంటే అది హోల్‌సేల్ లైసెన్స్, దాంతో మనకు చిల్లరగా అమ్మకూడదు. లైసెన్స్ మీద షాపు పేరు, చిరునామా బయటి బోర్డుతో కలవాలి, రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ పేరుండాలి. ఇదంతా కౌంటరు ముందు నిలబడి చదివితే కొందరికి కోపమొస్తుంది. అలాంటప్పుడు బిల్లు అడగండి చాలు. దాని మీద డి.ఎల్. అనే షాపు లైసెన్స్ నంబరు, మందు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. బ్యాచ్ నంబరు చేతిలోని స్ట్రిప్పుతో కలవాలి. "ఎస్టిమేట్" అని రాసిన తెల్లచీటీ ఇస్తే అక్కడ కొనకండి, రేపు గోలీ తేడా చేస్తే అది అక్కడే కొన్నామనడానికి ఆధారం ఉండదు. అనుమానముంటే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ 1800-599-6969కి చెప్పొచ్చు.

మా మామ బీపీ గోలీకి నా ఓటు జన ఔషధికే. అక్కడి చిక్కు సరుకు. ఒక నెల ఉంటుంది, ఒక నెల "రాలేదు" అంటారు. అందుకే పది రోజుల గోలీలు మిగిలి ఉండగానే వెళ్లాలి. దొరక్కపోతే రెండో షాపులో, బిల్లుతో, అవే రెండు సాల్ట్‌లు. నెలకో కంపెనీ మార్చడం మాత్రం వద్దు. మార్చిన కొత్తలో రెండు వారాలు ఒకే వేళకు బీపీ చూసి రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి.

అసలు మెలిక చీటీలో ఉంది. డాక్టరు బ్రాండు పేరు రాస్తే, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన ఇలాంటి షెడ్యూల్ హెచ్ మందుకు బదులు ఫార్మసిస్ట్ తనంతట తాను వేరేది ఇవ్వకూడదు, సాల్ట్ అదే అయినా సరే. కాబట్టి అడగాల్సింది షాపులో కాదు, డాక్టరు గదిలో: "సార్, బ్రాండు కాదు, సాల్ట్ పేరు పెద్ద అక్షరాల్లో రాసివ్వండి." మూర్ఛ గోలీలు, థైరాయిడ్ గోలీలు, రక్తం పల్చబడే వార్ఫరిన్ అయితే ఆయన సరేననకుండా కంపెనీ కూడా మార్చొద్దు. వీటిలో మోతాదు కొంచెం అటూఇటూ అయినా ఒంట్లో తేడా కనిపిస్తుంది. ఇవి వాడేవాళ్లకు మొదటి షాపే మేలు, ఎప్పుడూ అదే కంపెనీ గోలీ.