ఎర్ర గుర్తు పడ్డ రసీదులు: ఖర్చుల సాఫ్ట్‌వేర్‌ను చాలాకాలం వాడాక

మాదాపూర్‌లో ఒక మధ్యతరహా సంస్థలో ఉద్యోగుల ప్రయాణ, భోజన ఖర్చుల క్లెయిమ్‌లు సరిచూసే పని నాది. రసీదు ఫోటో తీసి పంపితే చాలు, అందులోని తేదీ, మొత్తం, దుకాణం పేరు, జీఎస్టీ నంబరు తనే చదువుకుని, మా ఖర్చుల నియమాలతో పోల్చి, తేడా ఉన్నచోట ఎర్ర గుర్తు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడుతున్నాం. పేరు చెప్పడం లేదు. ఇక్కడ నేను చెప్పే చిక్కులు రసీదులు చదివే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎదురుకాగలవి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. పోల్చడంలో అది ఎన్నడూ తప్పు చేయలేదు. ఆరు వందలకంటే ఏడు వందలు ఎక్కువని, ఆదివారం సెలవని దానికి బాగా తెలుసు. గొడవంతా ఏ అంకెను, ఏ తేదీని తీసుకొచ్చి పోల్చిందన్న దగ్గరే. అందుకే ఎర్ర గుర్తు కనిపించగానే ఉద్యోగిని అడగకుండా, ముందు బిల్లు ఫోటో తెరిచి చూడటం మాకు అలవాటైంది. ఈ విషయంలో ఈ సాఫ్ట్‌వేర్‌ను మెచ్చుకోవాలి. గుర్తు మీద నొక్కితే బిల్లు ఫోటోలో తాను చదివిన చోటు చుట్టూ పసుపు గీత గీసి చూపిస్తుంది. ఆ గీత లేకపోయి ఉంటే నేను దీన్ని మొదటి మూడు నెలల్లోనే వద్దనేదాన్ని.

తేదీల సంగతి ముందు. గత ఏడాది జూలైలో ఒక ఉద్యోగి భోజనం బిల్లుకు వారాంతం గుర్తు, అంటే శని, ఆదివారాల ఖర్చుకు వేసే ఎర్ర గుర్తు పడింది. బిల్లు మీద ఉన్నది 09/07/2025. అది జూలై 9, బుధవారం. సాఫ్ట్‌వేర్ మాత్రం అమెరికా పద్ధతిలో నెలను ముందు తీసుకుని సెప్టెంబరు 7 అనుకుంది. ఆ రోజు ఆదివారమే. వివరణ అడుగుతూ ఆటోమేటిగ్గా మెయిల్ వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చి, “మేడమ్, సెప్టెంబరు ఇంకా రానే లేదు కదండీ” అన్నాడు. నవ్వుకున్నాం, గుర్తు తీసేశాం.

నవ్వు రానిది దీనికి తిరగేసిన సందర్భం. 05/07/2025 తేదీతో ఉన్న బిల్లు జూలై 5, శనివారంది. నెల, రోజు తారుమారైతే అది మే 7 అవుతుంది, అంటే బుధవారం. దానికి గుర్తే పడదు. తప్పుగా పడ్డ గుర్తు ఎవరో ఒకరు గొడవ చేస్తే బయటపడుతుంది. పడాల్సిన గుర్తు పడకపోతే అడిగేవారే ఉండరు.

ఇది జరుగుతోందని కనిపెట్టడానికి ఒక తేలికైన దారి ఉంది. 13 నుంచి 31 వరకూ ఉన్న తేదీలు తారుమారు కావు, ఎందుకంటే పదమూడో నెల లేదు. కాబట్టి తప్పులన్నీ నెలలో మొదటి పన్నెండు రోజుల బిల్లుల్లోనే పోగుపడతాయి. మీ దగ్గర వారాంతం గుర్తులు పడ్డ బిల్లులను విప్పి, వాటి మీద అచ్చయిన రోజు అంకె చూడండి. తప్పుగా పడ్డవన్నీ పన్నెండులోపే ఉంటే సెట్టింగు తప్పని అర్థం. మేము సెట్టింగుల్లో రోజు ముందు, నెల తర్వాత అని మార్చి, బిల్లు డాలర్లలో ఉంటే మాత్రం నెల ముందు అని పెట్టించాం. బిల్లు తేదీ దాన్ని పంపిన తేదీకంటే తర్వాతిదైతే నియమాలతో పోల్చకుండా పక్కన పెట్టమని కూడా చెప్పాం. నెలాఖరున ఫైలును ఎక్సెల్‌లోకి దింపుకొని నేనే మరోసారి చూస్తాను. బి వరుసలో తేదీ ఉంటే సూత్రం ఇంతే:

```
=WEEKDAY(B2,2)>5
```

శని, ఆదివారాలైతే TRUE అని వస్తుంది. #VALUE! అని వస్తే ఎక్సెల్ ఆ గడిని తేదీగా కాక అక్షరాలుగా తీసుకుందని తెలుసుకోవాలి. నిజానికి అలా వస్తేనే మేలు, కనీసం మన కంటపడుతుంది.

తేదీ సరిగ్గా చదివినా చిక్కు తీరని బిల్లులు రెండు రకాలు. మొదటిది రాత్రి క్యాబ్. గచ్చిబౌలిలో శుక్రవారం సాయంత్రం షిఫ్టుకు వెళ్ళినవారు ఇంటికి బయలుదేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, రసీదు మీద శనివారం తేదీ పడుతుంది. రసీదులో సమయం కూడా ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున అయిదు గంటలలోపు క్యాబ్‌ను ముందురోజు లెక్కలో వేయించాం. దీంతో శుక్రవారం షిఫ్టు వాళ్ళ గుర్తులు దాదాపు మాయమయ్యాయి.

రెండోది హోటల్ బిల్లు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేదీ చిక్కు, మొత్తం చిక్కు రెండూ ఇందులోనే ఉన్నాయి. మా ఇంజినీరు ఒకరు విశాఖపట్నంలో గురువారం జూలై 17న దిగి, శనివారం 19 ఉదయం గది ఖాళీ చేశారు. గది అద్దె రాత్రికి 4,200 రూపాయలు. రెండు రాత్రులకు 8,400, దాని మీద అప్పటి 12 శాతం జీఎస్టీ 1,008, మొత్తం 9,408. మా పరిమితి రాత్రికి 4,500. సాఫ్ట్‌వేర్ రెండు గుర్తులు వేసింది: పరిమితి దాటింది, శనివారం ఖర్చు.

శనివారం అన్నది బిల్లు అచ్చయిన రోజు మాత్రమే. ఆయన పడుకున్నవి గురు, శుక్రవారాల రాత్రులు. హోటల్ బిల్లు మీద వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ విడిగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేసి Invoice Date ఒక్కటే తీసుకుంది. బిల్లు హోటల్‌ది అయితే ఆ రెండు తేదీలూ చదవమని, రాత్రులను వాటినుంచి లెక్కించి మొత్తాన్ని భాగించమని అడిగాం. చేశారు. అప్పుడు రాత్రికి 4,704 వచ్చింది. గుర్తు మళ్ళీ పడింది!

ఈసారి తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. 4,500 అన్నది పన్నుతో కలిపా, పన్ను లేకుండానా అన్నది మా నియమాల పత్రంలో ఎక్కడా లేదు. పన్ను లేకుండా అయితే 4,200, హాయిగా లోపలే ఉంది. పన్నుతో అయితే 204 ఎక్కువ. మా ఆడిటరు పన్ను కలపాల్సిందే అన్నారు. ఆయన వాదనలో బలముంది: విశాఖ హోటల్ వసూలు చేసేది ఆంధ్రప్రదేశ్ పన్ను, మాకున్నది తెలంగాణ రిజిస్ట్రేషన్, కాబట్టి ఆ పన్ను మాకు తిరిగి జమ కాదు, పూర్తిగా ఖర్చే. సరే అని అలాగే పెట్టాం. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు ఉన్న గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది. అదే 4,200 గది ఇప్పుడు 4,410కి వస్తోంది, గుర్తు పడటం లేదు. ఉద్యోగి మారలేదు, గది మారలేదు, మా పరిమితీ మారలేదు. జూలైలో ఆ ఇంజినీరు నుంచి వివరణ రాయించుకున్నాం కదా అని నాకు ఇప్పటికీ కొంచెం చిరాకే. పరిమితిని పన్ను లేని అద్దె మీద పెట్టడమే న్యాయమని నా అభిప్రాయం. యాజమాన్యం ఇంకా ఒప్పుకోలేదు.

ఇక మొత్తం తప్పు చదవడం. చిన్న హోటళ్ళ బిల్లుల్లో రూపాయి గుర్తును 7గా చదవడం చాలాసార్లు చూశాను. ₹480 కాస్తా 7480 అవుతుంది. చేత్తో రాసిన 450/- లోని గీతను ఒకటి అనుకుంటే 4501. ఇవి పెద్ద అంకెలు కాబట్టి వెంటనే కనిపిస్తాయి. ప్రమాదం థర్మల్ కాగితం మీద ఉంది. వేడికి, జేబులో నలగడానికి మొదటి అంకె వెలిసిపోయి 1,240 అన్నది 240 అయితే పరిమితి లోపలికి జారిపోతుంది. దీనికి మందు బిల్లులోనే ఉంది. రెస్టారెంటు బిల్లులో పన్నుకు ముందు మొత్తం, కేంద్ర పన్ను రెండున్నర శాతం, రాష్ట్ర పన్ను రెండున్నర శాతం, చివర మొత్తం విడివిడిగా ఉంటాయి. మొదటి మూడూ కూడితే నాలుగోది రావాలి, రౌండ్ చేసినందుకు ఒక రూపాయి అటూ ఇటూ కావచ్చు. కూడిక కుదరకపోతే అది ఉద్యోగి ఉల్లంఘన కాదు, చదవడంలో తేడా. మేము పట్టుబట్టి ఈ రెంటినీ వేరు చేయించాం. నియమం దాటినవాటికి ఎర్ర గుర్తు, చదివిందే అనుమానంగా ఉన్నవాటికి నారింజ గుర్తు. నారింజవి ఉద్యోగికి వెళ్ళవు, మా దగ్గరే ఆగుతాయి. ఇన్ని మార్పుల్లోనూ ఆఫీసులో మాకు శాంతి తెచ్చింది ఇదే.

ఒక్కో రసీదును విడిగా చూడటం వల్ల దొరకనిది బిల్లును రెండుగా చీల్చడం. అతిథులతో భోజనానికి పరిమితి 2,000 అయితే, ఒకే రాత్రి ఒకే చోట 1,850, 1,720 అని రెండు బిల్లులు, నంబర్లు ఒకదాని వెంట ఒకటి. రెండూ పచ్చగా దాటిపోతాయి. ఉద్యోగి, తేదీ, దుకాణం ఒకటే అయితే మొత్తం కలపమని నియమం రాశాం. కానీ దుకాణం పేరును ఒక బిల్లులో పూర్తిగా, మరో బిల్లులో సగమే చదవడంతో అవి కలవలేదు. పేరుకు బదులు పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరుతో కలిపితే కలిశాయి. తెలంగాణలో అది 36తో మొదలవుతుంది కాబట్టి మొదటి రెండంకెలు వేరుగా వస్తే, బిల్లు హైదరాబాద్‌దే అయినప్పుడు, చదవడమే తప్పిందని అక్కడే తెలిసిపోతుంది. జీఎస్టీ నంబరే లేని బండి మీద టిఫిన్ బిల్లులకు ఈ పద్ధతి పనిచేయదు. వాటి పరిమితి చిన్నది, వదిలేశాం.

నచ్చని సంగతి ఒకటుంది. మేనేజర్లు ఎర్ర గుర్తులున్న బిల్లులను గంపగుత్తగా ఎంచుకుని ఒక్క నొక్కుతో ఆమోదించవచ్చు. కారణం రాయాల్సిన గడిలో “ఓకే” అని రాసినా ఒప్పుకుంటుంది. శనివారం పని నిజంగానే ఉంటుంది, దాన్ని నేను కాదనను. అయితే ఏ పని కోసం వచ్చారో ఆ గడిలో ఉండాలి. మేము కారణాలను జాబితాగా ఇచ్చి, వాటిలోంచే ఎంచుకోవాలని పెట్టించమని అడిగాం. అది ఎక్కువ ధర ఉన్న పెద్ద ప్యాకేజీలోనే ఉందన్నారు.

నెలకు కొద్దిపాటి బిల్లులే వచ్చే సంస్థకు ఇది అనవసరం, ఎక్సెల్ చాలు. వందల్లో వచ్చేచోట కొనవచ్చు. కొనేముందు మీ పాత బిల్లుల్లోంచే కొన్ని తీసి ఇవ్వండి: నెల మొదటి వారంలోని శనివారం బిల్లు, రెండు రాత్రుల హోటల్ బిల్లు, సగం వెలిసిన థర్మల్ రసీదు. అమ్మేవాళ్ళు తెచ్చే నమూనా బిల్లులు ఎప్పుడూ తెల్లగా, నిటారుగా ఉంటాయి, వాటి తేదీ కూడా దాదాపు ఎప్పుడూ పన్నెండు దాటే ఉంటుంది.